ట్యూషన్ గంట ఎంతకు పడుతోంది?

పదో తరగతి ఫలితాలు వచ్చిన వారం నుంచి జూన్ చివరిదాకా తల్లిదండ్రులు అందరినీ ఒకటే ప్రశ్న అడుగుతారు. “ఫీజు ఎంతండీ?” జవాబులు మాత్రం మూడు రకాలుగా వస్తాయి. ఇంటికొచ్చి చెప్పే సారు నెల లెక్క చెబుతారు. ట్యూషన్ సెంటర్ వాళ్లు ఏడాది లెక్క చెబుతారు. ఆన్‌లైన్ సంస్థ నుంచి ఫోన్ చేసే కౌన్సెలర్ మొత్తం కోర్సుకు ఒకే అంకె చెప్పి, ఈ రాత్రి పన్నెండు దాటితే ఆ రేటు ఉండదంటాడు. ఈ మూడు అంకెలనూ పక్కపక్కన పెట్టి తక్కువది ఎంచుకోవడం పొరపాటు. వాటిలో దేనిలోనూ మనం కొంటున్నది ఏమిటో లేదు.

ఒక కుటుంబాన్ని అనుకుందాం. అమ్మాయి ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ఇంటర్ ఫస్టియర్ ఎం.పి.సి. లెక్కలకూ ఫిజిక్స్‌కూ ట్యూషన్ కావాలి. ఇంటికొచ్చే సారు నెలకు 6,000 రూపాయలు అడిగారు. వారానికి మూడు రోజులు, రోజుకు గంటన్నర. దగ్గర్లోని సెంటర్‌లో పది నెలల కోర్సుకు 30,000. వారానికి ఆరు రోజులు, రోజుకు రెండు గంటలు. ‘500 గంటలకు పైగా బోధన, బ్యాచ్‌కు 25 మంది మాత్రమే’ అని కరపత్రంలో ఉంది. ఆన్‌లైన్ కోర్సు ఏడాదికి 24,000. అందులోనూ 500 గంటలే రాశారు. ఈ ఫీజులు లెక్క నడిపించడానికి నేను వేసుకున్నవి. మీ ఊళ్లో రేట్లు వేరుగా ఉంటాయి కాబట్టి మీ అంకెలు పెట్టి చూసుకోండి. లెక్క వేసే తీరు మాత్రం ఎక్కడైనా ఇదే.

పైపైన చూస్తే ఆన్‌లైన్ గంట 48 రూపాయలు, సెంటర్ గంట 60 రూపాయలు. ఇంటికొచ్చే సారు మూడు వందలు దాటిపోతారు. ఇక్కడ ఆగిపోయేవాళ్లే ఎక్కువ.

కరపత్రంలో గంటలు, క్యాలెండర్‌లో గంటలు

ముందు సెంటర్ వాళ్ల 500 గంటలు ఎక్కడి నుంచి వచ్చాయో చూద్దాం. పది నెలలంటే సుమారు 43 వారాలు. వారానికి 12 గంటల చొప్పున 516. లెక్క తప్పు కాదు, కానీ అది సెలవుల్లేని ఏడాది. మార్చిలో పబ్లిక్ పరీక్షలు నడుస్తుంటే క్లాసులు ఉండవు. పదో నెల అక్కడే పోయింది. దసరాకు వారం, సంక్రాంతికి మూడు నాలుగు రోజులు, కాలేజీలో అర్ధ సంవత్సర పరీక్షలకూ ప్రీ ఫైనల్స్‌కూ మరో రెండు వారాలు పోతాయి. వినాయక చవితి, బతుకమ్మ, భారీ వానలు, స్థానికంగా వచ్చే సెలవులు కలిపితే మొత్తం ఎనిమిది వారాలు తీసేయాలి. మిగిలేవి 35 వారాలు. ఆరు రోజుల్లో శనివారం పరీక్ష పెడతారు. పరీక్ష పనికొచ్చేదే, కానీ అది బోధన కాదు. అంటే వారానికి పది గంటల చొప్పున 350 గంటల పాఠం.

తర్వాత ఫీజు. కరపత్రంలో 30,000 పక్కన చిన్న అక్షరాల్లో ‘ప్లస్ జీఎస్టీ’ అని ఉంటుంది. బడి ఫీజు మీద జీఎస్టీ లేదు. కోచింగ్ మీద 18 శాతం ఉంది. 5,400 కలిస్తే 35,400. దాన్ని 350తో భాగిస్తే గంటకు 101 రూపాయలు. కరపత్రం చూపిన 60 ఎక్కడికో పోయింది. జీఎస్టీ గురించి ఇంకో మాట: ఏడాదికి ఇరవై లక్షల లోపు రాబడి ఉండి రిజిస్టర్ చేసుకోని ట్యూషన్ వాళ్లకు ఆ పన్ను వసూలు చేసే హక్కు లేదు. పన్ను అడిగితే రసీదు మీద జీఎస్టీ నంబర్ ఉందో లేదో చూడండి.

ఇంటికొచ్చే సారు లెక్కలోనూ ఇలాంటి తరుగు ఉంది. వారానికి మూడు చొప్పున నెలకు పదమూడు క్లాసులు, అంటే పంతొమ్మిదిన్నర గంటలు రావాలి. ఆయనకు పెళ్లిళ్లుంటాయి, మనింట్లో జ్వరాలుంటాయి. నెలకు పదహారు గంటలు వస్తే బాగా నడిచినట్టే. 6,000ను 16తో భాగిస్తే గంటకు 375. తప్పిన క్లాసు మళ్లీ చెబుతారా, లేక నెల జీతంలో అది కలిసిపోతుందా అన్నది మొదటి రోజే అడగాలి. నెల జీతం బదులు క్లాసుకింత అని మాట్లాడుకుంటే ఈ తరుగు బాధ ఉండదు. చాలామంది మాస్టార్లు దీనికి ఒప్పుకుంటారు.

ఆన్‌లైన్ 500 గంటల్ని విడదీయడం అన్నిటికన్నా ముఖ్యం. అందులో ఎన్ని గంటలు టీచరు అప్పటికప్పుడు చెప్పేవి, ఎన్ని పాత సంవత్సరాల రికార్డింగులు? మన ఉదాహరణలో ప్రత్యక్ష పాఠాలు 200, రికార్డింగులు 300 అనుకుందాం. 24,000ను 200తో భాగిస్తే గంట 120 రూపాయలు. అన్నిటికన్నా చవకగా కనిపించింది కాస్తా సెంటర్‌ను దాటిపోయింది. రికార్డింగుకు విలువ లేదని నేననను. జ్వరమొచ్చిన వారం, కరెంటు పోయిన సాయంత్రం, ఒకసారి విని అర్థం కాని పాఠం, వీటికి మళ్లీ వినే వీలుండటం గొప్ప సౌకర్యం. అయితే అమ్మాయి చూసిన రికార్డింగే లెక్కలోకి రావాలి. ఏడాదిలో 150 గంటలు చూస్తే మొత్తం 350 గంటలై, గంట 69 రూపాయలకు దిగుతుంది. అసలు చూడకపోతే 120 దగ్గరే ఉంటుంది. మొదటి నెల అయ్యాక యాప్‌లో ఎన్ని పాఠాలు పూర్తయ్యాయో చూస్తే మీ అమ్మాయి ఏ కోవలోకి వస్తుందో తెలిసిపోతుంది.

‘లైవ్’ అని చెప్పేది నిజంగా అప్పటికప్పుడు జరుగుతోందా అన్న అనుమానమూ అవసరమే. పాత వీడియోనే టైము ప్రకారం వదిలి, పక్కన చాట్‌లో వేరెవరో జవాబులు రాస్తుంటారు కొన్నిచోట్ల. డెమోలో అమ్మాయి చేత ఒక డౌటు అడిగించండి. తెర మీది టీచరు ఆ ప్రశ్న చదివి, ఆగి, బోర్డు మీద చూపిస్తే అది లైవ్.

నలభై మందిలో మీ అమ్మాయి వాటా

బ్యాచ్ ఎంత చిన్నదైతే అంత మంచిదని అందరూ అంటారు. అది సగమే నిజం. టీచరు చేసే పనులు రెండు. ఒకటి పాఠం చెప్పడం. సరళ హరాత్మక చలనం సమీకరణాన్ని బోర్డు మీద రాబట్టి చూపితే, అది పది మంది విన్నా వంద మంది విన్నా ఒక్కొక్కరికీ పూర్తిగానే అందుతుంది. పాఠం పంచుకుంటే తరిగేది కాదు. రెండోది నోటుబుక్కు చూడటం. ఫలానా పిల్ల మూడో మెట్టులో గుర్తు మార్చడం మరిచిపోయింది, ప్రతిసారీ అక్కడే మరిచిపోతోంది అని పట్టుకోవడం. ఇది మాత్రం తలా ఇంత అని చీలిపోతుంది.

సెంటర్‌లో 25 అన్న బ్యాచ్ ఆగస్టుకు నలభై అయిందనుకోండి. సారు మంచివారే. రెండు గంటల్లో గంటన్నర పాఠం చెప్పి, అరగంట బెంచీల మధ్య తిరుగుతూ పిల్లలు చేస్తున్న లెక్కలు చూస్తారు. ముప్పై నిమిషాలను నలభైతో భాగిస్తే ఒక్కొక్కరికి 45 సెకన్లు. ఏడాదిలో 175 క్లాసులు. అన్నీ కలిపితే రెండు గంటల పదకొండు నిమిషాలు. 35,400 రూపాయలకు మీ అమ్మాయి నోటుబుక్కు మీద టీచరు చూపు నిలిచే సమయం అంతే. ఇంటికొచ్చే సారు ఆ రెండు గంటలనూ మొదటి వారంలోనే ఇచ్చేస్తారు. గంటకు 375 ఎక్కువ కావచ్చు, కానీ ఆ గంటలో అరవై నిమిషాలూ ఆమెవే.

అందుకని సెంటర్ దండగ అని తేల్చేయకూడదు. అమ్మాయికి ఏది కొరవడిందో ముందు తెలియాలి. అది తెలుసుకోవడానికి ఒక సాయంత్రం చాలు. కాలేజీలో ఇప్పటికే చెప్పిన అధ్యాయం నుంచి పాత పబ్లిక్ పరీక్షల్లో వచ్చిన ఏడెనిమిది ప్రశ్నలు ఇచ్చి, గంట టైము పెట్టండి. తర్వాత కాగితం చూడండి. మీకు లెక్కలు రాకపోయినా ఫరవాలేదు. చాలా ప్రశ్నలకు మొదటి గీత కూడా పడలేదా? పాఠమే అందలేదన్నమాట. అలాంటి పిల్లకు బాగా చెప్పే టీచరు దొరికితే బ్యాచ్‌లో ఎందరున్నా పెద్ద తేడా ఉండదు. మంచి రికార్డింగు కూడా పనిచేస్తుంది. అలా కాక, ప్రతిదీ మొదలుపెట్టి నాలుగైదు గీతలు రాశాక జవాబు తప్పుతోందా? ఆమెకు పాఠం తెలుసు, దిద్దేవాళ్లు లేరు. ఆ పిల్లను నలభై మందిలో కూర్చోబెడితే తెలిసిన పాఠమే మళ్లీ వింటుంది, అదే చోట మళ్లీ తప్పు చేస్తుంది.

బ్యాచ్ ఎంతమందో అడిగేటప్పుడు ‘ఇప్పుడెంత మంది ఉన్నారు’ అని అడగకండి. జూన్‌లో అన్ని బ్యాచ్‌లూ చిన్నవే. ‘ఎంతకు మించి చేర్చుకోరు, రెండు బ్యాచ్‌లు కలిపేస్తే ఏం చేస్తారు’ అని అడగండి. వీలైతే ఇప్పటికే నడుస్తున్న సెకండియర్ బ్యాచ్ వదిలే వేళకు గుమ్మం దగ్గర నిలబడి బయటికొచ్చేవాళ్లను లెక్కపెట్టండి. గది కొలత కూడా సంగతి చెబుతుంది. కేంద్ర విద్యాశాఖ 2024 జనవరిలో ఇచ్చిన కోచింగ్ సెంటర్ల మార్గదర్శకాల ప్రకారం ఒక్కో విద్యార్థికి కనీసం ఒక చదరపు మీటరు చోటుండాలి. ఇరవై అడుగుల వెడల్పు, ముప్పై అడుగుల పొడవు ఉన్న గదిలో అది 55 మందికి వస్తుంది. అలాంటి గదిలో ఎనభై కుర్చీలు వేసి ఉంటే బ్యాచ్ గురించి ఇంకెవరినీ అడగక్కర్లేదు. ఆ మార్గదర్శకాల్లోనే పదో తరగతి పరీక్ష రాయనివారినీ పదహారేళ్లలోపు వారినీ చేర్చుకోకూడదని కూడా ఉంది. ఎనిమిదో తరగతి పిల్లలకు ఐఐటీ ఫౌండేషన్ అమ్మడానికి వచ్చేవారిని ఆ సంగతి అడగవచ్చు. యాభై మందికి మించి పిల్లలున్న సెంటర్ల కోసం రాసినవి ఇవి. వీధిలో పది మందికి చెప్పుకునే మాస్టారికి వర్తించవు.

పుస్తకాల సంచి విలువ

మెటీరియల్ దగ్గర ఎక్కువసేపు ఆగాల్సిన పని లేదు. ‘పదిహేను వేల విలువైన మెటీరియల్ ఉచితం’ అన్నప్పుడు ఆ పదిహేను వేలు ఎవరు నిర్ణయించారో ఆలోచించండి. ఆ పుస్తకాలు లేకపోతే మీరు బయట ఎంత పెట్టి కొనేవారో అదే వాటి విలువ. ఇంటర్ పిల్లలకు తెలుగు అకాడమీ పాఠ్యపుస్తకాలు, పాత ప్రశ్నపత్రాలు, ఒకటి రెండు అభ్యాస పుస్తకాలు కావాలి. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు ఫోన్‌లోకి ఉచితంగా దిగుతాయి. జేఈఈ రాసే ఉద్దేశం ఉంటే ఐఐటీ కాన్పూర్ నడిపే ‘సాథీ’ వేదికలో వీడియోలూ నమూనా పరీక్షలూ ఉచితమే. ఇవన్నీ పోగా మిగిలే ఖర్చు వెయ్యి, పదిహేను వందలు. మూడు బేరాలను పోల్చేటప్పుడు ఇంటి సారు ఖర్చుకు ఆ వెయ్యిన్నర కలపండి, చాలు.

సంచి మీది ధర మరోచోట మన మీదికి తిరుగుతుంది. మధ్యలో మానేసి ఫీజు వెనక్కి అడిగితే, ‘మెటీరియల్ 15,000, అది తీసేసి ఇస్తాం’ అంటారు. చేరేటప్పుడు ఉచితమైనది వెళ్లేటప్పుడు పూర్తి ధర పలుకుతుంది. కోర్సుతో వచ్చే ట్యాబ్‌లదీ ఇదే కథ. కోర్సు ఆగిపోయాక అందులోని పాఠాలు తెరుచుకోవు, ట్యాబ్ ఖరీదు మాత్రం రిఫండ్‌లో కోసేస్తారు. నోట్సు, మెటీరియల్‌కు విడిగా ఫీజు తీసుకోకూడదని 2024 మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆ మాటను గుర్తుచేసి, ‘మానేస్తే మెటీరియల్ కింద ఎంత కోస్తారు’ అన్నది చేరకముందే రాయించుకోవాలి.

మానేసిన రోజు ధర

పైన వేసిన గంట రేట్లన్నీ ఏడాది చివరిదాకా చదివితేనే నిజం. జులై నెలాఖరుకు అమ్మాయి ‘నాకక్కడ ఏమీ అర్థం కావడం లేదు నాన్నా’ అంటే ఏమవుతుంది? నాకు తెలిసినంతలో తల్లిదండ్రులు వేయని లెక్క ఇదే. నష్టమంతా ఇక్కడే ఉంది. ఫీజు ఒక అంకె కాదు, మీరు ఎప్పుడు మానేస్తారన్నదాన్ని బట్టి మారిపోయే అంకె.

రెండు నెలలకు మానేశారనుకుందాం. ఇంటి సారుకు 12,000 ఇచ్చారు, 32 గంటలు వచ్చాయి. గంట అదే 375. ఆయన రేటు ఎప్పుడు మానేసినా మారదు. సెంటర్‌లో ఎనిమిది వారాలకు 80 గంటల పాఠం జరిగింది. 35,400 ఒకేసారి కట్టేసి, ‘కట్టిన ఫీజు తిరిగి ఇవ్వబడదు’ అన్న కాగితం మీద సంతకం చేసి ఉంటే గంట 442 రూపాయలు పడింది. ఆన్‌లైన్‌లో నెలకు ఇరవై చొప్పున 40 గంటల ప్రత్యక్ష పాఠాలు జరిగాయి. ఏడు రోజుల రిఫండ్ గడువు ఎప్పుడో దాటింది. 24,000ను 40తో భాగిస్తే గంట 600. మొదట అన్నిటికన్నా చవకగా నిలబడ్డది అన్నిటికన్నా ఖరీదైపోయింది. మొదట ఖరీదనిపించిన సారు చవకగా తేలారు.

అందుకే ‘ఒకేసారి కడితే తగ్గింపు’ అన్న మాటను జాగ్రత్తగా తూచాలి. మన సెంటర్ వాళ్లు మూడు వాయిదాలైతే ఒక్కోటి 11,000, జీఎస్టీతో 12,980 అన్నారనుకోండి. మొత్తం 38,940. ఒకేసారి కడితే 35,400. తేడా 3,540. ఏడాదంతా చదివితే వాయిదాల వల్ల ఆ 3,540 పోతుంది. రెండు నెలలకు మానేస్తే మాత్రం 12,980తో బయటపడతారు, 22,420 మిగులుతుంది. ఈ రెండంకెల్నీ తూకం వేస్తే, మానేసే అవకాశం ఏడింట ఒక వంతుకు మించి ఉందనిపించినప్పుడు వాయిదాలే లాభం. కొత్త సెంటర్, కొత్త టీచరు, ఇంటర్‌లోకి అప్పుడే అడుగుపెట్టిన పిల్ల. ఆ అవకాశం అంతకన్నా ఎక్కువే ఉంటుందని నా అభిప్రాయం. అన్న అదే సెంటర్‌లో, అదే సారు దగ్గర చదివి ఉంటే, అప్పుడు తగ్గింపు తీసుకోవచ్చు.

రిఫండ్ నిబంధన చదివేటప్పుడు మూడు చోట్ల వేలు పెట్టి చదవండి. గడువు ఎప్పటినుంచి మొదలవుతుంది? డబ్బు కట్టిన రోజు నుంచి అయితే, క్లాసులు మొదలయ్యేసరికే ఏడు రోజులు అయిపోవచ్చు. మొదటి క్లాసు రోజు నుంచి ఉండాలి. ఏమేమి కోస్తారు? అడ్మిషన్ ఫీజు, మెటీరియల్, జీఎస్టీ, ‘నిర్వహణ ఖర్చులు’ అన్నీ పోగా ఎంత మిగులుతుందో అంకెగా చెప్పించుకోండి. తిరిగొచ్చేది డబ్బా, లేక ఇంకో కోర్సుకు వాడుకునే క్రెడిటా? క్రెడిట్ అన్నది రిఫండ్ కాదు.

విద్యాశాఖ మార్గదర్శకాల్లో ఇక్కడ పనికొచ్చే మాట ఒకటి ఉంది. పూర్తి ఫీజు కట్టిన విద్యార్థి మధ్యలో మానేస్తే, మిగిలిన కాలానికి లెక్కగట్టి పది రోజుల్లో తిరిగి ఇవ్వాలి. హాస్టల్‌లో ఉంటే హాస్టల్, మెస్ ఫీజులు కూడా. అలా ఇస్తే మన ఉదాహరణలో పది నెలల్లో ఎనిమిది నెలల భాగం, 28,320 వెనక్కి వస్తుంది. అయితే ఇవి మార్గదర్శకాలే. రాష్ట్రం చట్టంగానో నిబంధనగానో తెచ్చినచోటే వీటికి పూర్తి బలం వస్తుంది. కాబట్టి కౌంటర్ దగ్గర వీటిని హక్కుగా చూపి గొడవపడటం కన్నా, చేరేముందే ‘మీ రిఫండ్ ఈ పద్ధతిలోనే ఉంటుందా’ అని అడిగి రాయించుకోవడం మేలు.

ఆన్‌లైన్ కోర్సుల్లో ఇంకో ముడి ఉంది. ‘వడ్డీ లేని ఈఎంఐ, నెలకు రెండు వేలే’ అంటారు. అది సంస్థకు కట్టే వాయిదా అని చాలామంది అనుకుంటారు. చాలాసార్లు అది నాన్న పేరు మీద ఒక ఫైనాన్స్ కంపెనీ ఇచ్చిన అప్పు. డబ్బంతా మొదటిరోజే కోర్సు సంస్థకు వెళ్లిపోతుంది. అమ్మాయి మానేసినా, ఆ సంస్థే మూతపడినా అప్పు అప్పుగానే ఉంటుంది. కట్టకపోతే క్రెడిట్ స్కోరు పడిపోయేది నాన్నకే. ఫోన్‌కు వచ్చిన ఓటీపీ చెప్పేముందు ‘ఈ నెలవాయిదా ఎవరికి వెళ్తుంది’ అని అడగండి. ఫైనాన్స్ కంపెనీ పేరు వినిపిస్తే అది అప్పే. రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం అలాంటి డిజిటల్ అప్పుకు అన్ని ఖర్చులూ కలిపిన ఏడాది వడ్డీ రేటుతో ఒక ముఖ్య వివరాల పత్రం ఇవ్వాలి. కనీసం ఒక రోజు గడువూ ఉండాలి. ఆ గడువులో అసలు, అప్పటిదాకా అయిన వడ్డీ కట్టేసి జరిమానా లేకుండా బయటపడవచ్చు. ప్రాసెసింగ్ ఫీజు మాత్రం పట్టుకోవచ్చు. ఖాతా నుంచి తనంతట తానే డబ్బు వెళ్లేలా అనుమతి ఇవ్వకండని కేంద్ర విద్యాశాఖ 2021 డిసెంబరులోనే హెచ్చరించింది. ఇప్పటికే ఇచ్చి ఉంటే యూపీఐ యాప్‌లో ఆటోపే దగ్గరికి వెళ్లి చూడండి.

డబ్బు ఇరుక్కుపోయాక కూడా దారి ఉంది. ముందు సంస్థకు రాతపూర్వకంగా అడగాలి. జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. కేసుకు వెళ్లకుండానే చాలా గొడవలు అక్కడ తేలతాయి. అక్కడా కుదరకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. కట్టిన ఫీజు ఐదు లక్షల లోపైతే ఫిర్యాదుకు రుసుము లేదు. సంస్థ ఆఫీసు బెంగళూరులో ఉన్నా మీరుండే జిల్లాలోనే వేయవచ్చు. రెండేళ్ల లోపు వేయాలి. కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2024 నవంబరులో కోచింగ్ ప్రకటనల మీద ఇచ్చిన మార్గదర్శకాలు గంటలు, టీచర్లు, ఫీజు, రిఫండ్ విషయంలో తప్పుడు మాటలను నిషేధించాయి. అందుకే కరపత్రాన్ని పారేయకండి. ‘500 గంటలు, 25 మంది మాత్రమే’ అని అచ్చయిన కాగితమే రేపు మీ సాక్ష్యం.

మన కుటుంబం సంగతికి వద్దాం. ఆ సాయంత్రం పెట్టిన చిన్న పరీక్షలో అమ్మాయి లెక్కలన్నీ మొదలుపెట్టి మధ్యలో తప్పింది. ఫిజిక్స్‌లో సగం ప్రశ్నలకు మొదలే పెట్టలేదు. అంటే రెండు సబ్జెక్టులకూ ఒకే మందు కాదు. ఫిజిక్స్ పాఠం సెంటర్‌లో వింటే చాలు. రెండు సబ్జెక్టుల ఫీజు కాకుండా ఫిజిక్స్ ఒక్కదానికే, మొదటి వాయిదాతో చేర్చుకుంటారేమో అడగాలి. లెక్కలకు దిద్దే మనిషి కావాలి. ఒక్కరికే నెలకు ఆరువేలు బరువనిపిస్తే, అదే కాలేజీలో చదివే మరో నలుగురితో కలిసి సారును మాట్లాడుకోవచ్చు. ఐదుగురూ తలా రెండు వేలు ఇస్తే ఆయనకు నెలకు పదివేలు వస్తాయి. మనకు గంట 125 రూపాయలు పడుతుంది. గంటలో పన్నెండు నిమిషాలు అమ్మాయి నోటుబుక్కుకు దక్కుతాయి. సెంటర్‌లో ఏడాదంతా కలిపి వచ్చే రెండు గంటల పదకొండు నిమిషాలు ఇక్కడ మొదటి నెలలోనే దాటిపోతాయి. ఐదుగురూ దాదాపు ఒకే స్థాయిలో ఉండాలి. లేకపోతే సారు సమయమంతా ఒకరిద్దరికే పోతుంది.

డబ్బు కట్టేముందు సెంటర్‌కైనా ఆన్‌లైన్ కౌన్సెలర్‌కైనా వాట్సాప్‌లో ఇలా రాయండి: “నమస్కారమండీ. మా అమ్మాయి ఇంటర్ ఫస్టియర్. చేరేముందు కొన్ని సంగతులు తెలుసుకోవాలి. పరీక్షలూ సెలవులూ పోగా పాఠం చెప్పే గంటలు ఎన్ని? ఏ సబ్జెక్టు ఎవరు చెబుతారు? బ్యాచ్‌లో ఎంతకు మించి చేర్చుకోరు? పన్నుతో కలిపి మొత్తం ఎంత, వాయిదాల్లో ఎంత? రెండు నెలలకు మానేస్తే ఎంత వెనక్కి ఇస్తారు, ఎన్ని రోజుల్లో, ఏమేమి కోస్తారు?” జవాబు రాతలో అంకెలతో వస్తే అది దాచుకోండి, తర్వాత డెమోకు కాకుండా నడుస్తున్న క్లాసుకు ఒక రోజు అమ్మాయిని పంపండి. ‘ఒకసారి ఆఫీసుకు రండి, మాట్లాడుకుందాం’ అనే జవాబు వస్తే వెళ్లి మాట్లాడండి. కానీ అక్కడ చెప్పిన అంకెల్ని ఇంటికొచ్చి ‘మీరు చెప్పినవి ఇవి, సరేనా’ అని మళ్లీ వాట్సాప్‌లో పంపండి. దానికి ‘సరే’ అన్న జవాబు రానిచోట మొదటి వాయిదాకు మించి ఒక్క రూపాయి కట్టకండి.